"తేజస్వి నావధీతమస్తు మా విద్విషావహై": మాటకు మాట తెలుగు, ఆపై సాఫీ ఇంగ్లీషు కావాలి

వేకువచుక్క
పిల్లల వార్షికోత్సవ ఆహ్వానపత్రం మీద ఈ పంక్తి వేస్తున్నాం. దాని కింద పదానికి పదం తెలుగు అర్థం, ఆ కింద చదవడానికి హాయిగా ఉండే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉండాలని అనుకున్నాం. నా చేతికి వచ్చిన అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకాయన "మా చదువు తేజోవంతమగుగాక, మమ్ము ఎవరూ ద్వేషింపకుందురు గాక" అని రాశారు. ఇంకొకరు "తేజస్సు గలవాని చేత" అని మొదలుపెట్టి ఎటూ తేల్చలేక వదిలేశారు. ఇంగ్లీషులో వచ్చినదానిలో ద్వేషం అన్న మాటే లేదు, అందరం సామరస్యంగా ఉందాం అని సరిపెట్టారు. పంక్తిలో ఉన్నది ఉన్నట్టు కావాలి. ముందు మాటలు ఎక్కడ విరుగుతాయో ఎవరైనా చెప్పండి.

మూడోబెంచీ
చిన్నప్పుడు నేను "నావ" దగ్గర విరిచేవాణ్ణి. చదువు అనే పడవ ఎక్కించమంటున్నారని చాలా కాలం గట్టిగా నమ్మాను.

పదవిభాగం
పడవ లేదు గానీ, తిప్పలన్నీ నిజంగా అక్కడే ఉన్నాయి. విడదీస్తే ఇలా వస్తుంది: తేజస్వి, నౌ, అధీతమ్, అస్తు, మా, విద్విషావహై.

"నౌ" తరువాత "అ" వస్తే "ఔ" కాస్తా "ఆవ్" అవుతుంది. అందుకే నౌ, అధీతమ్ కలిసి "నావధీతమ్" అయ్యాయి. ఇదే ప్రార్థన మొదట్లో ఉన్న "సహ నావవతు"లోనూ జరిగింది అదే. అక్కడ నౌ, అవతు.

"తేజస్సు గలవాని చేత" అన్న అనువాదం ఎక్కడ పుట్టిందో కూడా తెలుస్తోంది. ఆయన "తేజస్వినా" దగ్గర ఆపి ఉంటారు. తేజస్వినా అంటే తేజస్వి చేత అనే అర్థం నిజంగానే ఉంది. కానీ అలా విరిస్తే మిగిలేది "అవధీతమ్". సంస్కృతంలో "అవధీత్" అంటే చంపాడు అని. చదువు కోసం చేసే ప్రార్థనలో హత్య వినపడుతోందంటే విరుపు తప్పిందనే లెక్క. మిగిలిన ముక్కకు అర్థం కుదరకపోవడం తప్పు విరుపుకు మొదటి గుర్తు.

ఇక ఒక్కో మాట. అధీతమ్: చదివినది, చదువు. అస్తు: అగుగాక. నౌ: మన ఇద్దరి. తేజస్వి: తేజస్సు గలది. మా: వద్దు, కూడదు. విద్విషావహై: మనం ఇద్దరం ద్వేషించుకోవడం. కలిపితే "మన ఇద్దరి చదువు తేజోవంతమగుగాక, మనం ఒకరినొకరు ద్వేషించుకోకుందుము గాక."

పాతపలక
"మా" విషయంలో నాకు పేచీ ఉంది. "అసతో మా సద్గమయ"లో "మా" అంటే నన్ను అని కదా, అసత్తు నుంచి నన్ను సత్తు వైపు నడిపించు అని. ఇక్కడ మాత్రం వద్దు అని ఎలా అయింది? నన్ను ద్వేషించవద్దు అనేది సరైన అర్థం అయి ఉండాలి. వేకువచుక్క గారి మొదటి అనువాదం కూడా అదే చెబుతోంది.

పదవిభాగం
అసతో మా సద్గమయలో మీరు చెప్పినది సరైనదే, అక్కడ "మా" అంటే నన్ను. సంస్కృతంలో ఈ రెండు "మా"లూ ఉన్నాయి. ఏది ఏదో పోల్చుకోవడానికి మంచి ఆనవాలు ఒకటి ఉంది. నన్ను అనే అర్థమున్న "మా" మామ్ అనే మాటకు పొట్టి రూపం. అది సొంతంగా నిలబడలేదు, ముందున్న మాట మీద వాలాలి. అందుకే వాక్యం మొదట్లో రాదు. అసతో తరువాత వచ్చింది గనుక అక్కడ చెల్లింది. ఇక్కడ "మా విద్విషావహై" వేరే వాక్యం, "మా" దాని మొదటి మాట. కాబట్టి నన్ను అని తీసుకోవడానికి వీల్లేదు.

ఇంకో సంగతి, ఈ క్రియలో చేసేవాళ్లు "మనం ఇద్దరం". నన్ను అని తీసుకుంటే "మనం ఇద్దరం నన్ను ద్వేషించుదుము గాక" అని వస్తుంది. కోరుకోవలసిన దానికి సరిగ్గా తలకిందులు.

మూడోబెంచీ
తెలుగు "మా" కూడా మధ్యలో దూరినట్టుంది కదా? ఆ మొదటి అనువాదంలో "మమ్ము" వచ్చింది అందుకేనేమో.

పదవిభాగం
అదే అయి ఉండవచ్చు. చెవికి అలవాటైన మాట ముందు పలుకుతుంది.

వేకువచుక్క
ఇప్పుడు దారి కనిపిస్తోంది. కానీ "మన ఇద్దరి" అని వేస్తే వేదిక మీద నలభై మంది పిల్లలు నిలబడి చదువుతుంటే చూసేవాళ్లు ఎవరా ఇద్దరు అని అడగరా? "మా చదువు" అని వేసేస్తే పోదా?

అనువాదిని
దయచేసి అలా చేయకండి. ఈ పంక్తిలో నాకు ప్రాణమైనది ఆ ద్వివచనమే. తెలుగుకు ద్వివచనం లేదు, ఇంగ్లీషుకూ లేదు. అయినా తెలుగు దగ్గర ఒక సదుపాయం ఉంది, మనం అనీ మేము అనీ వేరు చేసి చెప్పగలం. ఇంగ్లీషు ఆ పనీ చేయలేదు. ఉన్న సదుపాయాన్ని అనువాదంలో వదులుకుంటే ఎలా?

"మా చదువు" అనగానే వినేవాడు బయటివాడు అయిపోతాడు. పిల్లలు దేవుడికో, గురువుకో తమ గురించి విన్నవించుకుంటున్నట్టు ఉంటుంది. "మన ఇద్దరి చదువు" అంటే చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ ఆ చదువులో ఉన్నారు.

గట్టుమీద
నాకు ఒప్పుదల కాలేదు. ప్రార్థన అన్నాక వినేది దేవుడు. దేవుడితో మాట్లాడుతూ "మనల్ని కాపాడు" అంటామా? "మమ్మల్ని కాపాడు" అంటాం. దేవుణ్ణి కూడా కలుపుకుని మనం అనడం తెలుగు కాదు. కాబట్టి "మా" అనడమే తెలుగు సంప్రదాయం.

పదవిభాగం
గట్టుమీద గారి తర్కం బలమైనదే. కాకపోతే అది దేవుణ్ణి "నువ్వు" అని పిలిచే ప్రార్థనకు వర్తిస్తుంది. అసతో మా సద్గమయలో "గమయ" అంటే నడిపించు. అక్కడ ఎదుట ఎవరో ఉన్నారు, వారిని అడుగుతున్నాం. ఇక్కడ మొదటి క్రియ "అవతు", కాపాడుగాక. "అవ" అని ఉంటే కాపాడు అని అయ్యేది, అలా లేదు. కాపాడేవారిని మూడో మనిషిగా చెబుతున్నారు. పేరు కూడా చెప్పలేదు. శంకరులు తన తైత్తిరీయోపనిషత్తు భాష్యంలో దాన్ని బ్రహ్మంగా పూరించారు.

అంటే ఈ మాటలు దేవుడి ముఖం చూసి చెప్పినవి కావు. గురువు, శిష్యుడు ఎదురెదురుగా కూర్చుని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నవి. "అది మనల్ని ఇద్దరినీ కాపాడుగాక" అని. అలా కూర్చోబెట్టి చూస్తే "మనం" తప్ప వేరే మాట పొసగదు. శంకరులు "నౌ" అన్నదానికి శిష్యాచార్యులు అనే అర్థం రాశారు.

తైత్తిరీయంలో శిక్షావల్లి తీసి చూడండి. "సహ నౌ యశః, సహ నౌ బ్రహ్మవర్చసమ్" అని ఉంటుంది. మన ఇద్దరికీ కలిసి కీర్తి, కలిసి బ్రహ్మవర్చస్సు. అదే "నౌ", అదే ఇద్దరు. అక్కడే కొంచెం తరువాత గురువు పూర్వరూపం, శిష్యుడు ఉత్తరరూపం, విద్య సంధి అని చెబుతారు. రెండు అక్షరాలు కలిసినచోట మూడోది పుట్టినట్టు ఆ ఇద్దరి మధ్య విద్య పుడుతుందని. ఇంత స్పష్టంగా ఇద్దరినీ నిలబెట్టిన గ్రంథంలో "మా" అని రాస్తే ఒకరు జారిపోతారు.

గట్టుమీద
అవతు, అవ తేడా నేను చూసుకోలేదు. ఆ లెక్కన మనం అనడం సబబే. అయినా నలభై మంది సంగతి అలాగే ఉండిపోయింది.

అన్నపురాశి
ఇంత దూరం వచ్చారు కాబట్టి "సహ నౌ భునక్తు" కూడా చెప్పేయండి. కలిసి భుజిద్దాం అని కదా. మేము భోజనానికి ముందు చదువుతాం. పంక్తిలో కూర్చున్నాక ఇది చదివితే ఎంత నిండుగా ఉంటుందో. అసలు ఇది భోజన మంత్రమే, చదువు మంత్రంగా తరువాత మారి ఉంటుంది.

పదవిభాగం
భోజనానికి ముందు చదవడం ఉంది, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ "కలిసి భుజిద్దాం" అనడానికి ఆ మాట ఒప్పుకోదు. భుజ్ అనే ధాతువు రెండు రకాలుగా నడుస్తుంది. తినడం అనే అర్థంలో "భుంక్తే" అవుతుంది. "భునక్తి" అయితే పాలించడం, పోషించడం. రాజు భూమిని "భునక్తి" అంటే ఏలుతున్నాడని, తింటున్నాడని కాదు. పాణిని దీనికి ప్రత్యేకంగా సూత్రమే పెట్టాడు: భుజోఽనవనే. కాపాడడం కాని అర్థంలోనే భుంక్తే లాంటి ఆత్మనేపద రూపం వస్తుందని. ఇక్కడున్న "భునక్తు" మాత్రం భునక్తి లాగే పరస్మైపదం. పైగా చేసేది మనం కాదు, అవతులో ఉన్న ఆ మూడో మనిషే. "అది మనల్ని ఇద్దరినీ పోషించుగాక" అని చెప్పుకోవాలి.

భోజన మంత్రంగా పుట్టిందన్నది మాత్రం నిలవదు. తరువాత "అధీతం" ఉంది కదా, చదువు.

అన్నపురాశి
శంకర భాష్యంలోనే "భోజయతు" అని ఉందని విన్నాను. తినిపించుగాక అని.

పదవిభాగం
ఉంది, తైత్తిరీయ భాష్యంలో. మీ పక్షానికి అది కొంత బలం. తినిపించేది బ్రహ్మం, అనుభవింపజేసేది బ్రహ్మం. మనం కలిసి తినడం మాత్రం అక్కడ కూడా లేదు.

అన్నపురాశి
సరే, వడ్డించేవారు వేరే ఉన్నారన్నమాట. అది ఇంకా బాగుంది.

వేకువచుక్క
మన పంక్తికి వద్దాం. తేజస్వి అంటే "తేజస్సు గలది" అని రాశారు. తేజస్వి అంటే మనిషి కదా? తెలుగులో "ఆయన గొప్ప తేజస్వి" అంటాం.

పదవిభాగం
సంస్కృతంలో మగవాడైతే దీర్ఘం వస్తుంది, తేజస్వీ. ఇక్కడ హ్రస్వం ఉంది. అంటే నపుంసకలింగం. అధీతమ్ కూడా నపుంసకమే. రెండూ జత. కాబట్టి వెలిగేది మనుషులు కారు, చదువు. పిల్లల చేత చదివించేటప్పుడు "స్వి" సాగదీయనివ్వకండి. సాగదీస్తే వెలుగు చదువు మీంచి జారి ఎవరో ఒక మగమనిషి మీద పడుతుంది.

నిదానం
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను గానీ ఇక్కడ మాట కలపాలి. పదవిభాగం గారు ఒక్క విరుపే చూపించారు. రెండోది ఉంది. "తేజస్వినౌ" అని ఒకే మాటగా తీసుకోండి. తేజస్సు గల ఇద్దరు. దానికి అధీతమ్ చేర్చినా "తేజస్వినావధీతమ్" అనే వస్తుంది. వినికిడిలో రవంత తేడా లేదు. ఇలా తీసుకుంటే వెలిగేది గురుశిష్యులే.

కఠోపనిషత్తు భాష్యంలో శంకరులు రెండూ ఇచ్చారు. మొదట "తేజస్వులమైన మనం ఇద్దరం చదివినది బాగా చదివినది అగుగాక" అన్నారు. తరువాత "అథవా" అని పెట్టి "మనం చదివినది మిక్కిలి తేజోవంతం, వీర్యవంతం అగుగాక" అన్నారు. హ్రస్వ దీర్ఘాల లెక్క ఒక్కటే పట్టుకుని మొదటి అర్థాన్ని కొట్టేయడం తొందరపాటు.

పదవిభాగం
కఠ భాష్యంలో రెండూ ఉన్న మాట వాస్తవం. కానీ తేజస్వినౌ అని ఒకే మాట చేస్తే "మన" అనే మాట పంక్తిలో మిగలదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. సహ నావవతు, సహ నౌ భునక్తు రెండింటిలోనూ నౌ విడిగా నిలిచింది. మూడోసారి కూడా విడిగానే ఉండడం సహజం కదా.

నిదానం
సహజమే, నిర్ణయం కాదు. తైత్తిరీయ భాష్యంలో కూడా "ఆవయోః తేజస్వినోః" అని ఆయన మనుషులకే తేజస్సు ఇచ్చారు. ఒక పెద్ద వ్యాఖ్యాత రెండుచోట్ల మొగ్గిన అర్థాన్ని నేను అడుగున పడేయలేను.

అనువాదిని
ఇంగ్లీషు రాసేటప్పుడు నాకు ఇదే అడ్డుపడింది. "మన చదువు వెలగాలి", "వెలుగుగల మన ఇద్దరి చదువు చక్కగా సాగాలి": ఇంగ్లీషులో రెండూ ఒకే వాక్యంలో ఇమడవు. ఆహ్వానపత్రానికి నేను మొదటిదే ఎంచుకుంటాను. పిల్లల గురించి వాళ్ల నోటితోనే మేము తేజస్వులం అనిపించడం నాకు ఇష్టం లేదు.

వీణతీగ
నేను ఈ చర్చకు వచ్చింది రెండో సగం కోసం. సంగీతం నేర్పుతాను. పాఠం మొదట్లో ఈ ప్రార్థన చేయించే అలవాటు మాకు ఉంది. ఒక అమ్మాయి తల్లి అడిగింది, ఇంత మంగళకరమైన చోట ద్వేషం అనే మాట ఎందుకండీ అని. నేర్చుకునేవాళ్లకూ నేర్పేవాళ్లకూ ద్వేషం ఎందుకు వస్తుంది? ఆ మాట తీసేసి "స్నేహంగా ఉందాం" అని అర్థం చెప్పకూడదా అంది.

నాకు మాత్రం ఆ మాట ఎందుకుందో బాగా తెలుసు. నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఒక వర్ణం నాకు ఒక పద్ధతిలో చెప్పారు. కొన్నాళ్లకు అందరి ముందు నేను అదే పాడితే "ఇలా ఎవరు చెప్పారు నీకు" అని కసిరారు. తాను చెప్పిందే ఆయనకు గుర్తులేదు. ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ తరువాత ఎన్నో పాఠాలు నా చెవిలోకి వెళ్లాయి గానీ లోపలికి వెళ్లలేదు. ఆయన నోరు తెరవగానే నాకు ఆ రోజే గుర్తుకొచ్చేది. గొడవ పడలేదు, మాట మానలేదు, నమస్కారం మానలేదు. అయినా చదువు ఆగిపోయింది.

నిదానం
వీణతీగ గారూ, మీరు చెప్పినది సరిగ్గా శంకర భాష్యంలో ఉంది. తైత్తిరీయంలో ఈ మాట దగ్గర ఆయన ఆగి కారణం చెబుతారు. విద్య ఇచ్చిపుచ్చుకునే వేళ శిష్యుడి వల్లనో ఆచార్యుడి వల్లనో ఏమరుపాటున ఏదో అన్యాయం జరుగుతుంది, దానివల్ల విద్వేషం వస్తుంది, అది శమించడానికి ఈ ఆశీస్సు అని. "ప్రమాదకృతాత్ అన్యాయాత్" అంటారు. ప్రమాదం అంటే తెలుగులో మనం అనుకునే అపాయం కాదు, ఏమరుపాటు. కావాలని చేసిన అన్యాయం గురించి కాదు. మీ గురువుగారు మరిచిపోవడం లాంటిది. "శిష్యస్య ఆచార్యస్య వా" అని ఇద్దరినీ చెప్పారు, తప్పు ఒకవైపే ఉంటుందని అనుకోలేదు.

వీణతీగ
ఇది నాకు తెలియదు. ఆ తల్లికి ఇదే చెబుతాను. తీసేయవలసిన మాట కాదు.

పాతపలక
అయితే "కలహించుకోకుందుము గాక" అంటే సరిపోతుంది కదా. ద్వేషం అనడం ఘాటుగా ఉంది. చాలా అనువాదాల్లో కలహం అనే చూశాను.

వీణతీగ
సరిపోదండీ. నేను ఒక్కసారి కూడా కలహించలేదు, పైన రాశాను. కలహించి ఉంటే బహుశా మేలు జరిగేది, ఆ వర్ణం సంగతి ఆ రోజే తేలిపోయేది.

అనువాదిని
పాతపలక గారు చెప్పినట్టు ఇంగ్లీషులో కూడా క్వారల్ అనే మాట ఎక్కువగా కనబడుతుంది. అది మెత్తగా ఉంటుందని వేస్తారు. కానీ గురుశిష్యుల మధ్య వాదన జరగాలి, ప్రశ్న రావాలి. దాన్ని వద్దనడం ఈ పంక్తి ఉద్దేశం కాదు. వద్దన్నది లోపల గూడు కట్టుకునేదాన్ని. నేను హేట్ అనే మాటనే ఉంచుతాను, కాకపోతే "కమ్ టు" అని ముందు చేరుస్తాను, ద్వేషించుకునే దాకా రాకూడదని. ఏమరుపాటు నుంచి మెల్లగా పెరిగేదన్న సంగతి అందులో కొంత వస్తుంది.

తెలుగులో "ద్వేషించుకోకుందుము" అన్నది చక్కగా కుదిరింది. ఆ "కొను" చేర్చడంతో ఒకరినొకరు అన్నది క్రియలోనే ఉంది. విద్విషావహై ఆత్మనేపదం కావడానికి ఇంతకంటే దగ్గరి తెలుగు లేదు.

గట్టుమీద
ఒక అనుమానం. ద్విష్ ధాతువుకు ఇలాంటిచోట "ద్వేషావహై" అని రావాలి కదా? నేను నేర్చుకున్న రూపావళిలో అలాగే ఉంది. ఇది అచ్చుతప్పా?

పదవిభాగం
అచ్చుతప్పు కాదు. మీ రూపావళి చెప్పినది లౌకిక సంస్కృతం, అందులో ద్వేషావహై సరైనదే. ఇది వేదంలోని రూపం, ఇలాగే పఠిస్తారు. దిద్దవద్దు. అచ్చువేసేటప్పుడు ఎవరైనా వ్యాకరణం తెలిసినవారు సరిచేయబోతే ఆపండి.

వేకువచుక్క
అనువాదిని గారూ, ఇంగ్లీషు పూర్తి వాక్యం ఇస్తారా? "లెట్ అజ్" అని మొదలుపెట్టాలా, "మే" అనా? నాకు వచ్చినదాంట్లో అంతా "లెట్ అజ్"తో ఉంది.

అనువాదిని
ఇక్కడ తెలుగు లిపి నియమం కాబట్టి ఇంగ్లీషును కూడా అలాగే రాస్తున్నాను, మీరు మార్చుకోండి. మొదట ముడిగా, మాట వెంట మాట పెట్టాను:

బ్రిలియంట్, ఆఫ్ అజ్ టూ, ద స్టడీ, మే ఇట్ బి. నాట్, మే వి టూ హేట్ ఈచ్ అదర్.

ఇది ఎవరూ చదవలేరు. బ్రిలియంట్ కూడా మార్చాలి, అది ఇప్పుడు మార్కుల పొగడ్త అయిపోయింది. తేజస్సులో వెలుగూ ఉంది, పదునూ ఉంది. అందుకని క్రియలోకి మార్చి "షైన్" అన్నాను. అధీతమ్ అనేదాన్ని "స్టడీ" అని నామవాచకంగా ఉంచితే చదువుకునే గది గుర్తొస్తుంది, "వాట్ వి స్టడీ" అంటే సాఫీగా ఉంది. సాఫీ చేశాక ఇలా వచ్చింది:

మే వాట్ ద టూ ఆఫ్ అజ్ స్టడీ షైన్ బ్రైట్, అండ్ మే వి నెవర్ కమ్ టు హేట్ ఈచ్ అదర్.

"లెట్ అజ్" వద్దన్నది ఎందుకంటే, ఇంగ్లీషులో అది చేద్దాం అనే అర్థంలోనూ, మమ్మల్ని చేయనివ్వు అనే అర్థంలోనూ వస్తుంది. ప్రార్థనలో చూడగానే రెండోది తలకెక్కుతుంది, దేవుణ్ణి అనుమతి అడిగినట్టు అవుతుంది. తీసేసిన ఆ "మా", "మమ్ము" మళ్లీ దొడ్డిదారిన వచ్చేస్తాయి.

పదవిభాగం
రెండో సగానికి "మే" మీద నాకు పూర్తి తృప్తి లేదు. అస్తులో చదువు వెలగడం మన చేతిలో లేని సంగతి, కోరుకుంటున్నాం. విద్విషావహైలో చేసేవాళ్లం మనమే. అది కోరిక కంటే ఒప్పందానికి దగ్గర, "ద్వేషించుకోవద్దు మనం" అని. ఇదే ప్రార్థనలో ఈ పంక్తికి ముందున్న "సహ వీర్యం కరవావహై"లో కరవావహై కూడా అంతే, కలిసి చేద్దాం అని. "మే" పెడితే ఆ పూనిక పోయి అంతా పైవాడి మీద వేసినట్టు అవుతుంది.

నిదానం
శంకరులు దాన్ని ఆశీస్సు అనే అన్నారు, "ఇయమ్ ఆశీః" అని. అనువాదిని గారి "మే" ఆయన పక్కన నిలబడుతుంది. ద్వేషం రాకుండా చూసుకోవడం అంత మన చేతిలో ఉంటే వీణతీగ గారికి అలా అయ్యేది కాదు.

పదవిభాగం
క్రియ ఉత్తమ పురుషలో ఉందన్నది మాత్రం మరవవద్దు.

వేకువచుక్క
మీరిద్దరూ ఇది తేల్చుకోండి, పత్రం మీద "మే" ఉంచుతాను. తెలుగు ఇలా వేస్తున్నాను: "మన ఇద్దరి చదువు తేజోవంతమగుగాక. మనం ఒకరినొకరు ద్వేషించుకోకుందుము గాక." నలభై మంది పేచీకి పైన చిన్న అక్షరాల్లో "గురువు, శిష్యుడు కలిసి చెప్పుకునే ప్రార్థన" అని ఒక వరుస చేరుస్తాను. సరిపోతుందా?

గట్టుమీద
బాగుంది. వేదిక మీద పిల్లలు మాత్రమే చెబితే మళ్లీ సగమే అవుతుంది. వాళ్ల పంతులమ్మను కూడా పక్కన నిలబెట్టి చెప్పించండి.

మూడోబెంచీ
"నౌ" బదులు బహువచనం "నః" పెట్టి మంత్రాన్నే మార్చేస్తే పోయేది కదా అని అడగబోయి ఆగాను.

పదవిభాగం
మంచిపని చేశారు. "సహ నోఽవతు" అవుతుంది, వ్యాకరణం ఒప్పుకుంటుంది, మంత్రం ఒప్పుకోదు. ఎంతమంది కూర్చున్నా ఒక్కొక్క శిష్యుడికీ గురువుకీ మధ్య విడిగా ఒక జత ఉంటుందని అనుకుంటే నలభై మందిలోనూ ద్వివచనం నిలుస్తుంది.

వేకువచుక్క
చివరిగా ఒకటి. అచ్చుకు ఇచ్చిన నమూనాలో "తేజస్వినావధీతమస్తు" అంతా కలిపి వచ్చింది. నేను "తేజస్వి" తరువాత ఖాళీ పెట్టమన్నాను. పెట్టాలా?

పదవిభాగం
పెట్టండి. చదివేవారు "తేజస్వినా" దగ్గర ఆగకుండా ఉంటారు. "విద్విషావహై"లో "ష" ఉందో లేదో కూడా చూసుకోండి, "స" పడుతూ ఉంటుంది.

నిదానం
నేనైతే పెట్టను. ఖాళీ పెట్టిన క్షణాన తేజస్వినౌ అన్న విరుపు పత్రం మీద లేకుండా పోతుంది. కలిపి వేస్తే రెండూ ఉంటాయి.

వేకువచుక్క
కింద అర్థం "చదువు తేజోవంతం" అనే వేస్తున్నాను కాబట్టి పైన ఖాళీ పెడతాను. నిదానం గారి విరుపు పిల్లలకు చెప్పేటప్పుడు నోటితో చెబుతాను.